జాలి అడగని వ్యాసం



అమెరికాలో డిగ్రీ చదవడానికి కామన్ యాప్ ద్వారా దరఖాస్తు చేసే పిల్లలు చాలా కాలేజీలకు తమ గురించి ఒక వ్యాసం రాయాలి. 650 పదాలు దాటకూడదు. ఆదిలాబాద్ జిల్లాలో ఒక ఊరి సర్కారు బడిలో చదివిన అబ్బాయి, తన వ్యాసంలో ఇంగ్లీషు సరిచూడమని కరీంనగర్‌లో నా దగ్గరికి వచ్చాడు.

"మా బడిలో ల్యాబ్ లేదు." లేమి గురించి ఉన్నది ఈ ఒక్క వాక్యమే. మిగతాదంతా తాత కళ్లజోడు గురించి. కటకం నాభ్యంతరం కొలవాలని, ఆ అద్దంతో కిటికీ ప్రతిబింబాన్ని ఎదుటి గోడ మీద పడేలా చేశాడు. దర్జీ టేపుతో కొలిస్తే 60 సెంటీమీటర్లు వచ్చింది. కళ్ల డాక్టర్ చీటీలో పవర్ +2 అని ఉంది. ఆ లెక్కన 50 రావాలి. రెండు రోజులు పాఠం తిరగేస్తే కారణం దొరికింది. కిటికీ 3 మీటర్ల దూరంలోనే ఉంది. దగ్గరి వస్తువు ప్రతిబింబం నాభి దాటి పడుతుంది. దూరంగా ఉన్న చింతచెట్టుతో మళ్లీ కొలిస్తే 50 వచ్చింది.

"మా కష్టాలు ఇంకొంచెం రాయాల్నా మేడం?" అని అడిగాడు. అక్కర్లేదన్నాను. ఆ 10 సెంటీమీటర్ల తేడా ఎందుకొచ్చిందో వెతికిన తీరులోనే అతనెలా చదువుకుంటాడో కనిపిస్తోంది. కష్టాలు పెంచితే ఆ భాగానికి చోటు తగ్గుతుంది.

మీ పిల్లల వ్యాసం చదివేటప్పుడు, అనుకున్నది రానప్పుడు వాళ్లేం చేశారో అందులో ఉందా చూడండి. ఆ భాగం పెద్దవాళ్లం రాసివ్వలేం.