ప్యాకేజీల లేని ఏడోనాడు

ఆదిలాబాద్,
జనవరి 12

సునీతా,

నువ్వు పంపిన ప్యాకేజీ కాగితం రెండుసార్లు చదివిన. ఇస్తాంబుల్‌ల ఆరు రోజులు, హోటల్, ఎయిర్‌పోర్టు నుంచి కారు, నడుమల ముక్కు ఆపరేషన్. దుబాయ్‌ల ఉన్నదానివి, ఐదు గంటల ప్రయాణమే కదా అన్నవ్. ఫోన్ల చెప్తే నవ్వి కొట్టేస్తవని ఇట్ల రాస్తున్న.

వద్దు అంటలేను. పదో తరగతి నుంచి ఆ బుడిపె గురించి నీ బాధ నాకు తెల్సు. అక్కడ చేయి తిరిగిన సర్జన్లు కూడా ఉన్నరు. నాకు నచ్చనిది ఆ కాగితంల దినాల లెక్క. రెండోనాడు ఆపరేషన్, ఆరోనాడు విమానం. అంటే కోసినంక నాలుగు దినాలకే నువ్వు సీట్ల కూసుంటవ్. ముక్కు మీది అచ్చు తీసేది దాదాపు ఏడోనాడు. ఎవరు తీస్తరే? ముఖం, ముక్కు ఆపరేషన్ అయినోళ్లు వారం నుంచి పది దినాలు ఆగి విమానం ఎక్కాలని అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘమే చెప్తది.

పోయినేడు మా ఓపీకి మంచిర్యాల దిక్కు పిల్ల వచ్చింది. ఆ పిల్ల కూడా పరాయి దేశంల ఇట్లనే చేయించుకొని, అచ్చుతోనే ఇల్లు చేరింది. మూడోనాడు కొంచెం గాలి ఆడిందట. నాలుగోనాటికి రెండు దిక్కులా మూసుకపోయింది, లోపల సలుపు, రాత్రికి జ్వరం. క్లినిక్ వాళ్లకు ఫొటోలు పంపితే “వాపు మామూలే, ఐసు పెట్టుకోండి” అన్నరు. ఫొటోల కనబడేది బయటి ముక్కే గదా! మా డాక్టర్ లైటు వేసి చూస్తే నడిమి గోడకు రెండు పక్కలా ఎర్రగా ఉబ్బి ఉంది. మెల్లగ ఒత్తి చూస్తే మెత్తగ దిగింది. లోపల నెత్తురు గడ్డకట్టి అప్పటికే చీము పట్టింది.

ఆ గోడల ఉన్న కార్టిలేజ్‌కు సొంత నెత్తుటి నాళాలు ఉండవు. మీద అంటుకొని ఉన్న పొరే దాన్ని బతికిస్తది. పొరకు, కార్టిలేజ్‌కు నడుమ నెత్తురు చేరి రెంటినీ విడదీస్తే, మూడు నాలుగు దినాలల్ల కార్టిలేజ్ చచ్చిపోతది. మొదటి దినమే గాటు పెట్టి నెత్తురు తీసేసి, మళ్ల చేరకుండ అదిమి కట్టు వేస్తే ముక్కు దక్కుతది. ఆ పిల్ల మా దగ్గరికి ఆరోనాడు వచ్చింది. చీము తీసి, మందులు పెట్టి, నాగపూర్ పంపినం. ప్రాణానికి ఏం కాలేదు, గాని కొన్ని నెలలకు ముక్కు దూలం నడుమ గుర్రం జీను లెక్క కుంగింది. మళ్ల సరిచేయాలంటే ఏడాది ఆగాలె, పక్కటెముక నుంచి కార్టిలేజ్ తీసి పెట్టాలె.

ఆపరేషన్ అయినంక ముక్కు దిబ్బడ అందరికీ ఉంటది, దానికి భయపడకు. తగ్గుతున్నది మళ్ల పెరిగితే, రెండు దిక్కులా ఒక్కసారే బంద్ అయితే, సలుపు, జ్వరం వస్తే ఫొటో పంపకు. అదే పూట ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పో.

ఇంకొకటి మమ్మల్ని ఏడిపించింది. ఆ పిల్ల తెచ్చిన కాగితాలల్ల ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు, అన్నీ ఆ దేశపు భాషలనే. లోపల ఏం తీసిండ్రు, ఏమన్న ఇంప్లాంట్ పెట్టిండ్రా, ఏ యాంటిబయాటిక్ ఇచ్చిండ్రు, ఏమీ తెల్వకనే చెయ్యి పెట్టాల్సి వచ్చింది. ఇంగ్లీషుల రాసిన ఆపరేషన్ నోటు చేతికి రాకుండ నువ్వు హోటల్ ఖాళీ చెయ్యొద్దు.

వారాల తర్వాత వచ్చే తంటా కూడా ఒకటుంది. డొమినికన్ రిపబ్లిక్ పోయి కాస్మెటిక్ ఆపరేషన్లు చేయించుకొచ్చిన అమెరికా ఆడోళ్లల్ల 2013, 2014ల అది బయటపడ్డది. మానిన గాటు దగ్గర గడ్డలు లేస్తయ్, కారుతయ్, మామూలు యాంటిబయాటిక్‌కు లొంగవు. క్షయ జాతికే చెందిన వేరే సూక్ష్మజీవి అది. మన దిక్కు టీబీ అనుకొని ఆరు నెలల గోళీలు మొదలుపెట్టే ప్రమాదం ఉంది, అవి దాని మీద పెద్దగా పనిచెయ్యవు. చీమును ప్రత్యేకంగా కల్చర్‌కు పంపాలె. అది జరగాలంటే ఫలానా దేశంల ఆపరేషన్ అయిందని డాక్టర్‌కు నువ్వు చెప్పాలె. చానామంది సిగ్గుపడి దాచిపెడ్తరు, నువ్వు దాచకు.

పోయే ముందే దుబాయ్‌ల ఒక ఈఎన్‌టీ సర్జన్‌ను అడుగు, తిరిగొచ్చినంక నన్ను చూస్తరా అని. వేరేవాళ్లు కోసిన ముక్కును ముట్టుకోనికి చాలామంది ఒప్పుకోరు, అది ముందే తెలిస్తే మేలు. నీ ఇన్సూరెన్స్ కాగితం కూడా తియ్. అందం కోసం చేయించుకున్నదాని తంటాలకు పైసలియ్యమని చాలా పాలసీలల్ల రాసి ఉంటది.

ఇక్కడ చలి చంపుతున్నది. నాగోబా జాతర దగ్గరపడ్డది, కేస్లాపూర్‌కు ఈసారి కూడా నువ్వు లేకుండనే పోతున్న.

అన్నట్టు, నీ కళ్లద్దాలు! నెలకు పైన ముక్కు మీద ఆనొద్దంటరు. ఆ దినాలు ఆఫీసుల కంప్యూటర్ ముందర ఏం చేస్తవే, అది అడిగినవా వాళ్లను?

నీ
పద్మ