ఐదింటికి ఎవరు?

ఆ రోజు గుడివాడలో పని ముగిసేసరికి బస్సు వెళ్లిపోయింది. బందరులో ఉన్న మామయ్యగారికి మెసేజ్ పెట్టాను: "బస్సు దొరకలేదు, రైల్లో వస్తున్నాను, ఐదింటికి, బాబును స్కూలు నుంచి తీసుకురండి." ఐదింటికి నేను వస్తానని నా ఉద్దేశం. బాబును ఐదింటికి తీసుకురమ్మన్నానని ఆయన అనుకున్నారు. నాలుగింటికే స్కూలు వదిలేశారు. బాబు గంటసేపు గేటు దగ్గర కూర్చున్నాడు.

తప్పు నా కామాలదే. దేనికది పూర్తయిన వాక్యాలను కామాతో అతికించడాన్ని ఇంగ్లిషులో కామా స్ప్లైస్ అంటారు. అప్పుడు మధ్యలో ఉన్న మాట ఏ వాక్యానిదో తెలియదు. అవే మాటలకు ఫుల్‌స్టాప్‌లు పెట్టి చూడండి: "బస్సు దొరకలేదు. రైల్లో వస్తున్నాను, ఐదింటికి. బాబును స్కూలు నుంచి తీసుకురండి."

ఒక్కోసారి ఫుల్‌స్టాప్ కూడా చాలదు. దివిసీమ నుంచి మా చెల్లి "వర్షం పడుతోంది, సాయంత్రం వస్తాం" అని పంపింది. వానైనా అనుకున్నట్టే వస్తారా? వాన వల్ల ప్రయాణం సాయంత్రానికి మార్చుకున్నారా? కామా బదులు "కానీ" పెడితే మొదటి అర్థం, "కాబట్టి" పెడితే రెండోది.

ఇప్పుడు పంపే ముందు కామాకు అటూ ఇటూ విడివిడిగా చదువుతాను. రెండూ పూర్తి వాక్యాలైతే ఫుల్‌స్టాప్ పెడతాను లేదా కలిపే మాట చేరుస్తాను. పిల్లల ఇంగ్లిషుకూ ఇదే పరీక్ష. అక్కడ మాత్రం "బట్", "సో" చేర్చినప్పుడు వాటి ముందు కామా ఉంచుతారు. "పుస్తకాలు, టిఫిన్ బాక్సు, గొడుగు" లాంటి జాబితాలో కామాలు ఎక్కడివక్కడే ఉండొచ్చు.