మే నెలలో వినాయక చవితి

ఏసీ సరిగ్గా పనిచేయని ఆఫీసులో కూర్చుని, మే నెలలో ఇరవై ఒక్క పత్రి పేర్లు టైప్ చేస్తుంటాను. మాచీపత్రం, బృహతీపత్రం, బిల్వపత్రం... అమ్మ ఫోన్ చేసి "ఏం చేస్తున్నావే?" అంటే "వినాయక చవితి" అంటాను. "ఇంకా ఆవకాయే పెట్టలేదు, చవితేంటే!" అంటుంది.

2024లో ఇలా చేయలేదు. ఆ ఏడు చవితి సెప్టెంబరు 7న. పూజా విధానం, కథ ఆగస్టులోనే రాసేసి, సెప్టెంబరు 4కి షెడ్యూల్ చేసి నిశ్చింతగా ఉన్నాను. షెడ్యూల్ చేసిన పేజీ ఆ రోజు వచ్చేదాకా గూగుల్‌కి కనపడదు. నేను ముందే రాసినా, దాని లెక్కలో అది అప్పుడే పుట్టిన పేజీ. కొత్త పేజీని పాతవాటి పక్కన నిలబెట్టి తూచడానికి గూగుల్‌కి వారాలు పట్టొచ్చు. నాది పైకొచ్చేసరికి నిమజ్జనం కూడా అయిపోయింది.

అందుకే ఇప్పుడు రాయడమే కాదు, పబ్లిష్ చేయడం కూడా మూడు నెలల ముందే. అడ్రసులో ఏడాది పెట్టను: `/vinayaka-chavithi-puja-vidhanam/`, అంతే. ఏడాది శీర్షికలో మారుతుంది. ఏటా కొత్త పేజీ పెడితే మన పాత పేజీయే దానికి పోటీ.

పోయినేటి సెర్చ్ గ్రాఫ్‌ని కూడా గుడ్డిగా నమ్మను. 2025లో చవితి ఆగస్టు 27కే వచ్చేసింది. 2026లో అధిక జ్యేష్ఠం వల్ల సెప్టెంబరు 14కి జరిగింది. ఆ విషయం గ్రాఫ్‌లో ఉండదు, అమ్మ గోడకి తగిలించిన క్యాలెండర్‌లో ఉంటుంది.

పరీక్షలకి ఆ క్యాలెండర్ పనికిరాదు. ఇంటర్ ఫలితాల తేదీ బోర్డు చెప్పేదాకా ఎవరికీ తెలీదు. అయినా ఆ పేజీ జనవరిలోనే పెట్టేశాం. తేదీ ఉండాల్సిన చోట "త్వరలో" అని రాసి, చుట్టూ ఎనిమిది పేరాలు నింపాం. పైకొచ్చింది కూడా. ఏప్రిల్‌లో బాబాయి కూతురు ఫోన్ చేసింది.

"అక్కా, రిజల్ట్స్ అని కొడితే మీ సైటే ముందొచ్చింది. మూడుసార్లు చదివా. ఇందులో ఏమీ లేదేంటి?"

దాని గొంతు వణుకుతోంది. నాకేమో ఆ పొద్దున్నే టీమ్ మీటింగ్‌లో చప్పట్లు కొట్టారు.

ఆ రాత్రి పేరాలు తీసేశాను. "బోర్డు ఇంకా తేదీ ప్రకటించలేదు" అని పైనే రాసి, ఏ రోజు చూసి రాశానో పెట్టాను. కింద తేదీతో పనిలేనివి: పాస్ మార్కులు, రీకౌంటింగ్‌కీ రీవెరిఫికేషన్‌కీ తేడా, తప్పితే సప్లిమెంటరీ ఎలా రాయాలో. ఇవి జనవరిలో రాసినా ఏప్రిల్‌లో పనికొస్తాయి. ముందుగా పెట్టాల్సింది ఇవే.

ఫలితాలొచ్చాయి. పిల్ల కెమిస్ట్రీ తప్పింది. సప్లిమెంటరీ ఫీజు గడువు ఎప్పుడని మళ్ళీ ఆ పేజీకే వచ్చిందట.

ఈసారి ఫోన్ చేయలేదు. తేదీ అందులో ఉంది.