ఒకే బర్నర్, రెండు ఇంధనాలు

జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీకి 10 టన్నుల ప్యాకేజ్ బాయిలర్ ఉంది. ఎల్‌పీజీ మీదా, ఫర్నేస్ ఆయిల్ మీదా నడిచే జంట బర్నర్. నాక్స్ తగ్గించడానికి ఎఫ్‌జీఆర్ బిగించారు. అంటే చిమ్నీకి పోయే పొగలో కొంత భాగాన్ని మళ్లీ వెనక్కి తెచ్చి, మంటకు వెళ్లే గాలిలో కలపడం. గ్యాస్ మీద నడిపినన్నాళ్లు అంతా బాగుంది. 150 మిల్లీగ్రాములు వచ్చే నాక్స్ 70కి దిగింది (లెక్కంతా ఘనపు మీటరు పొడి పొగకు, 3 శాతం ఆక్సిజన్ దగ్గర). గ్యాస్ ఖరీదైందని ఆయిల్‌కు మారేసరికి మీటరు 400 చూపించింది.

"సార్, గీ ఎఫ్‌జీఆర్ ఖరాబైంది. మొన్నటిదాంక మంచిగనే ఉండె" అన్నాడు బాయిలర్ ఆపరేటర్. ప్లాంట్ మేనేజర్ అప్పటికే అమ్మినవాళ్లకు ఘాటుగా ఉత్తరం రాసి ఉంచాడు.

ఎఫ్‌జీఆర్ పని చేస్తోందా లేదా అన్నది ఉత్తరాలతో తేలదు. విండ్‌బాక్స్‌లో ఆక్సిజన్ కొలిస్తే తేలుతుంది. బయటి గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 3 శాతం ఆక్సిజన్ ఉన్న పొగను, గాలికి 15 శాతం చొప్పున కలిపితే మిశ్రమంలో 18.6 దాకా రావాలి. మేము కొలిస్తే 18.5 వచ్చింది. పొగ తిరుగుతోంది, డ్యాంపర్ తెరుచుకునే ఉంది. తప్పు పరికరంలో లేదు.

మంటలో నాక్స్ పుట్టే దారులు మూడు. మొదటిది వేడి వల్ల వచ్చేది. గాలిలోని నైట్రోజన్ అణువు చాలా గట్టిది, మామూలుగా దేనితోనూ కలవదు. మంట 1500 డిగ్రీలు దాటాక ఒంటరి ఆక్సిజన్ పరమాణువులు దాన్ని చీలుస్తాయి.

N2 + O → NO + N
N + O2 → NO + O

1940లలో సోవియట్ శాస్త్రవేత్త జెల్డోవిచ్ తేల్చిన లెక్క ఇది. మొదటి మెట్టు ఎక్కడమే కష్టం. అందుకే వేడి పెరిగేకొద్దీ ఈ నాక్స్ నిలువుగా లేస్తుంది, మంట శిఖరపు వేడిని కొంచెం తగ్గించినా దబ్బున పడుతుంది. ఎఫ్‌జీఆర్ చేసే పని అదే. వెనక్కి వచ్చిన పొగలోని కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి మంటలోని వేడిని పంచుకుంటాయి; ఆక్సిజన్ కూడా పలచబడుతుంది.

రెండోది ప్రాంప్ట్ నాక్స్. మంట మొదట్లో, ఇంధనం ఎక్కువై గాలి తక్కువైన చోట, విరిగిన హైడ్రోకార్బన్ ముక్కలు నేరుగా నైట్రోజన్ మీద దాడి చేస్తాయి. 1971లో ఫెనిమోర్ చెప్పిన ఈ దారికి పెద్ద వేడి అక్కర్లేదు. మొత్తంలో దీని వాటా చిన్నది. గ్యాస్ మంటలో వేడి నాక్స్‌ను బాగా అణిచాక, ఇంకా దిగకుండా మిగిలే అడుగు మడ్డిలో ఇదొకటి.

మా ఆపరేటర్‌ను తికమకపెట్టింది మూడోది, ఇంధనంలోనే దాగిన నైట్రోజన్. ఎల్‌పీజీలో అది లేనట్టే లెక్క. ఫర్నేస్ ఆయిల్‌లో ఉంటుంది. ల్యాబ్‌కు పంపితే 0.35 శాతం అని వచ్చింది. అంటే కిలో నూనెలో 3.5 గ్రాములు. అదంతా నాక్స్‌గా మారితే, NO2 లెక్కన 11.5 గ్రాములు. కిలో నూనెకు సుమారు 12 ఘనపు మీటర్ల పొడి పొగ వస్తుంది కాబట్టి, మీటరుకు 960 మిల్లీగ్రాములు. అంతా మారదు, మూడో వంతు మారినా 320 దాకా. ఎఫ్‌జీఆర్ ఆపి చూస్తే 480 చూపింది. అందులో వేడి నాక్స్ గ్యాస్ మీద వచ్చినట్టే 150 అనుకుంటే, మిగతా 330 నూనెలోని నైట్రోజన్‌దే. ఎఫ్‌జీఆర్ 150ని 70 చేసింది, 330ని ముట్టుకోలేదు. కూడితే 400. మీటరూ అదే చెప్పింది.

ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక మేనేజర్ ఉత్తరం చింపేశాడు. కానీ "అయితే పొగ ఇంకా ఎక్కువ తిప్పుదాం" అన్నాడు. అది వద్దన్నాను. విండ్‌బాక్స్‌లో ఆక్సిజన్ 17 దగ్గరికి వస్తే మంట ఊగుతుంది, బాయిలర్ గుర్రుమంటుంది, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కుతుంది. ఫ్యాన్ గాలితోపాటు పొగనూ మోయాలి గనక పూర్తి లోడ్ అందదు. పైగా ఫర్నేస్ ఆయిల్ పొగలో గంధకం ఉంటుంది. చల్లటి డక్ట్‌లో అది ఆమ్లమై కారి రేకును తినేస్తుంది.

ఇంధన నైట్రోజన్‌కు మందు వేరు: గాలిని విడతలుగా ఇవ్వడం. లో-నాక్స్ బర్నర్‌లో మంట నడుమ గాలి కావాలనే తక్కువ పెడతారు. నూనె నుంచి విడిపోయిన నైట్రోజన్ ముక్కలకు అక్కడ ఆక్సిజన్ దొరకదు. అవి ఒకదానితో ఒకటి కలిసి మామూలు నైట్రోజన్‌గా స్థిరపడతాయి. మిగిలిన గాలి బయటి వలయం నుంచి ఆలస్యంగా చేరి, మంటను పూర్తి చేస్తుంది. ఆ బర్నర్ మార్చి, అదనపు గాలి తగ్గించాం. నాక్స్ 260 దగ్గర ఆగింది. మూల్యం కూడా ఉంది. నూనె 110 డిగ్రీల దాకా వేడెక్కకపోతే తుంపరలు పెద్దవై, గాలి తక్కువైన ఆ నడుమ మసి కడుతుంది. కాబట్టి హీటర్, నాజిల్ రోజూ చూసుకోవాల్సిందే.

ఈ తేడా తెలిస్తే నల్లగొండ జిల్లా దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గరి యాదాద్రి థర్మల్ కేంద్రం కూడా అర్థమవుతుంది. అక్కడ 800 మెగావాట్ల యూనిట్లు ఐదు. ఇంత పెద్ద బొగ్గు బాయిలర్లలో నాక్స్ కోసం ఎఫ్‌జీఆర్‌ను నమ్ముకోరు. బొగ్గులో నైట్రోజన్ 1 శాతం అనుకుంటే, అంతా మారితే మీటరుకు 5000 మిల్లీగ్రాములు దాటుతుంది (బొగ్గుకు లెక్క 6 శాతం ఆక్సిజన్ దగ్గర). కేంద్ర పర్యావరణ శాఖ 2015 డిసెంబరులో పెట్టిన నిబంధన ప్రకారం 2017 జనవరి నుంచి వచ్చే యూనిట్లకు హద్దు 100. అంటే ఆ నైట్రోజన్‌లో నూటికి రెండు వంతులే నాక్స్ కావాలి. లో-నాక్స్ బర్నర్లు, వాటి పైన ఆలస్యపు గాలి రంధ్రాలు కలిసినా అంత కిందికి తీసుకురావడం కష్టం. గాలి మరీ కోస్తే బూడిదలో కాలని బొగ్గు మిగులుతుంది. అది 5 శాతం దాటిన బూడిదను సిమెంటు వాళ్లు తీసుకోరు. ఫర్నేస్ గోడల దగ్గర గాలి కరువైతే గొట్టాలను తుప్పు తినేస్తుంది. అందుకే యాదాద్రికి అమ్మోనియాతో పొగను శుభ్రం చేసే ఎస్‌సీఆర్ కూడా పెట్టారు; దాని కెటలిస్టులు బీహెచ్‌ఈఎల్ బెంగళూరులో తయారుచేసింది.

మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊక బాయిలర్లది ఇంకో కథ. వాటి మంటలో వేడి నాక్స్ పుట్టేంత వేడే సాధారణంగా ఉండదు. అక్కడ వచ్చే నాక్స్ ఎక్కువగా ఊకలోని నైట్రోజన్‌దే. వాళ్లకూ ఎఫ్‌జీఆర్ అమ్మజూపేవాళ్లు తగులుతుంటారు.

ఎవరైనా అలా వస్తే, కొటేషన్ అడగక ముందు మీ ఇంధనాన్ని ల్యాబ్‌కు పంపండి. నైట్రోజన్ శాతం రిపోర్టు చేతికొచ్చాకే మాట్లాడండి.