పెరిగేకొద్దీ తక్కువ కొన్నా

2022 చివర్లో సొలానా పది డాలర్ల కిందకి పడిపోయింది. దాని పేరెత్తితేనే మావాళ్ళు నవ్వేవాళ్ళు. 2023 అక్టోబర్ మధ్యలో 24 దగ్గర పది కాయిన్లు కొన్నాను. స్టాప్ 21. తప్పితే పోయేది ముప్పై డాలర్లు, అంటే రెండున్నర వేల రూపాయలు. అప్పటి నా జీతానికి అది చిన్న దెబ్బేం కాదు, కానీ తట్టుకోగలను.

వారం తిరిగేసరికి ధర 30. ఇంకో ఐదు కొన్నాను. ఇక్కడే చాలామంది స్టాప్‌ని మొదటి ధర 24కి జరిపి, ఇక సేఫ్ అనుకుంటారు. లెక్క వేసి చూడండి. 24కి పడితే మొదటి పదిమీద నష్టం లేదు, కానీ తర్వాతి ఐదుమీద కాయిన్‌కి ఆరు చొప్పున ముప్పై పోతాయి. అంటే మొదట్లో ఉన్న రిస్కే, అంగుళం కూడా తగ్గలేదు. పదిహేనింటి సగటు 26. అసలు డబ్బు కాపాడాలంటే స్టాప్ అక్కడైనా ఉండాలి.

నేను మాత్రం 27 పెట్టాను. మన పన్ను సంగతి అలాంటిది మరి. క్రిప్టో లాభంమీద 30 శాతం కట్టాలి, ఒక అమ్మకంలో వచ్చిన నష్టాన్ని ఇంకో అమ్మకం లాభంలోంచి తీసేయనివ్వరు. 26 దగ్గర అమ్మితే మొదటి పదిమీద వచ్చిన ఇరవైకి పన్ను పడుతుంది, తర్వాతి ఐదుమీద పోయిన ఇరవై మన ఖాతాలోనే. చార్ట్‌లో సున్నా, జేబులో సున్నా కాదు.

నవంబర్ మొదట్లో 38 దగ్గర రెండే రెండు కొన్నాను. "పెరుగుతుంటే ఇంత పిసినారితనమేంట్రా, పదో ఇరవయ్యో కొను" అన్నాడు రూమ్మేట్. వాడి పద్ధతిలో పది, పది, ఇరవై కొంటే సగటు 32.5. ధర 32కి జారినా మొత్తం నష్టంలోకి వెళ్తుంది. నా పదిహేడింటి సగటు ఇరవై ఏడున్నర లోపే. స్టాప్ 32కి జరిపాను, అది తగిలినా 78 డాలర్లు లాభం, పన్ను కట్టకముందు.

యాప్‌లో ఒక చిన్న పని ఉంది, దాన్ని చూడకపోతే ఈ లెక్కంతా వృథా. కొత్తగా కొన్నంత మాత్రాన పాత స్టాప్ ఆర్డర్ పెరగదు, అది ఇంకా పది కాయిన్లకే ఉంటుంది. దాన్ని రద్దు చేసి, మొత్తం సంఖ్యకి మళ్ళీ పెట్టాలి. ఆ మధ్యలో నిమిషంపాటు రక్షణ ఉండదు, అందుకే ధర ఎగిరెగిరి పడుతున్నప్పుడు నేను దాన్ని ముట్టుకోను. స్టాప్ లిమిట్ అయితే లిమిట్ ధరని ట్రిగ్గర్‌కి కాస్త కిందే పెడతాను. రెండూ ఒకటే పెడితే, వేగంగా పడే రోజు ధర దాటిపోతుంది, ఆర్డర్ మాత్రం అలాగే ఉండిపోతుంది.

నవంబర్ పదిన ధర 60 చుట్టూ తిరుగుతుంటే నాలుగోసారి కొనలేదు. అప్పటికి స్టాప్ మాత్రం 45కి వచ్చింది.