నిండిన గదులు, మిగిలిన రూపాయలు

చిన్న లాడ్జి యజమాని నెలకొకసారి సిబ్బందితో కూర్చునే సమీక్షలో మొదట వినిపించే అంకె సాధారణంగా ఆక్యుపెన్సీ, అంటే ఉన్న గదుల్లో నూటికి ఎన్ని అమ్ముడయ్యాయన్న లెక్క. ఆ అంకె పెరిగితే మేనేజరు సంతోషిస్తాడు, యజమాని తృప్తిపడతాడు, సమావేశం తొందరగా ముగుస్తుంది. అయితే గదులు నిండడం వేరు, నిండిన గదులు డబ్బు మిగల్చడం వేరు. ఈ రెండింటికీ మధ్య ఎక్కడ ఎంత జారిపోతున్నదో కనిపెట్టడమే నెలవారీ సమీక్షకు అసలు పని గనుక, డబ్బు జారే దారిలోనే ఒక్కొక్క అంకెనూ వరుసగా చూస్తూ పోయేలా అజెండా ఉండాలి.

శ్రీకాళహస్తి వంటి క్షేత్రంలో 20 గదుల లాడ్జి ఒకటి ఉన్నదనుకుంటే, ఏప్రిల్, జూన్ వంటి 30 రోజుల నెలలో దానికి అమ్మకానికి దొరికేవి 600 గదిరోజులు. ఒక గది ఒక రాత్రికి అమ్ముడైతే దానిని ఒక గదిరోజుగా లెక్కిస్తారు. ఏప్రిల్‌లో 330 గదిరోజులు, జూన్‌లో 390 గదిరోజులు అమ్ముడైతే ఆక్యుపెన్సీ 55 శాతం నుంచి 65 శాతానికి పెరిగినట్లు. ఇక్కడే ఒక జాగ్రత్త అవసరం. ఏసీ చెడిపోయి మూడు గదులు పదేసి రోజులు మూతపడితే, ఆ 30 గదిరోజులను మొత్తంలోంచి తీసివేసి 570 మీద లెక్కగట్టే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. అలా చేస్తే 65 శాతం కాస్తా 68 దాటుతుంది, మరమ్మతులో జరిగిన ఆలస్యం మంచి అంకె వెనుక దాగిపోతుంది. మూతపడిన గదికి కూడా బ్యాంకు వాయిదా, కట్టడపు పన్ను తప్పవు కాబట్టి యజమాని లెక్కలో 600 అనేది 600గానే ఉండాలి. మూతపడిన రోజులను పక్కన వేరుగా రాయాలి.

రెండో అంకె సగటు గది అద్దె. పన్ను కలపకుండా వచ్చిన అద్దె మొత్తాన్ని అమ్ముడైన గదిరోజులతో భాగిస్తే ఇది వస్తుంది. పై లాడ్జిలో ఏప్రిల్ సగటు 1,600 రూపాయలు, జూన్ సగటు 1,400 రూపాయలు అయితే, రాబడి ఏప్రిల్‌లో 5,28,000, జూన్‌లో 5,46,000 రూపాయలు. ఈ రాబడిని అమ్ముడైన గదులతో కాక, ఉన్న మొత్తం 600 గదిరోజులతో భాగిస్తే వచ్చేదాన్ని హోటల్ రంగంలో రెవ్‌పార్ అంటారు. అది ఏప్రిల్‌లో 880, జూన్‌లో 910. ఖాళీగా పోయిన గది, తక్కువకు ఇచ్చిన గది రెండూ ఈ ఒక్క అంకెలో బయటపడతాయి. ఆక్యుపెన్సీలో పది శాతం పాయింట్ల పెరుగుదల ఇక్కడికి వచ్చేసరికి గదిరోజుకు 30 రూపాయలుగా తగ్గిపోయిందని గమనించినవారికి తరువాతి ప్రశ్న దానంతట అదే తోస్తుంది: ఆ అదనపు 60 గదిరోజులు ఏ దారిన వచ్చాయి?

సమీక్షలో ఎక్కువ సమయం తీసుకోదగిన అంశం ఇదే. ఏప్రిల్‌లో ఆన్‌లైన్ బుకింగ్ సంస్థల ద్వారా వచ్చినవి 90, జూన్‌లో 200 అనుకుందాం. ఆ సంస్థల కమీషన్ 20 శాతమైతే, ఆ కమీషన్ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ పడుతుంది. అంటే అద్దెలో 23.6 శాతం పోతుంది. రోజుకు 7,500 రూపాయలు దాటని గదులపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతానికి తగ్గినా, దానితోపాటు ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ కూడా పోయింది. కొనుగోళ్ల మీద, సేవల మీద తాను చెల్లించిన పన్నును కట్టవలసిన పన్నులోంచి తగ్గించుకునే వీలునే ఆ క్రెడిట్ అంటారు. అది లేనందున కమీషన్ మీది జీఎస్టీ ఇప్పుడు పూర్తిగా యజమాని ఖర్చే. పాత అలవాటు కొద్దీ కమీషన్‌ను 20 శాతంగానే లెక్కవేసుకునే లాడ్జిలు ప్రతి నెలా ఆ తేడాను చూడకుండానే పోగొట్టుకుంటాయి. ఆ ఆన్‌లైన్ గదులకూ సగటు అద్దే పలికిందనుకుంటే, ఈ దారిన ఏప్రిల్‌లో సుమారు 34,000, జూన్‌లో సుమారు 66,000 రూపాయలు పోయాయి.

అమ్ముడైన ప్రతి గదికీ ఉతుకుడు, సబ్బు, నీళ్లు, కరెంటు వగైరాలకు అయ్యే ఖర్చు ఆపైన ఉంటుంది. అది గదికి 250 రూపాయలు అనుకుంటే ఏప్రిల్‌లో 82,500, జూన్‌లో 97,500. కమీషన్, గది ఖర్చు రెండూ తీసివేస్తే ఏప్రిల్‌లో మిగిలింది సుమారు 4,11,500 రూపాయలు, జూన్‌లో సుమారు 3,82,400 రూపాయలు. గదులు నిండుగా కనిపించిన నెలలో సిబ్బంది ఎక్కువ పని చేశారు, పరుపులు ఎక్కువ అరిగాయి, యజమాని చేతికి మాత్రం దాదాపు 29,000 రూపాయలు తక్కువ వచ్చాయి. ఉన్న ప్రతి గదిరోజుకూ మిగిలింది ఏప్రిల్‌లో 686, జూన్‌లో 637 అన్న ఈ చివరి అంకెను కాగితం మీద అన్నిటికంటే పైన రాయాలి.

ఇంతవరకూ చూసిన అంకెలన్నీ రిసెప్షన్ రిజిస్టరు నుంచి వచ్చినవి; రిజిస్టరే తప్పయితే లెక్కంతా తప్పే. శ్రీకాళహస్తికి పూజకు వచ్చేవారిలో చాలామంది రాత్రి ఉండరు. స్నానం చేసి బట్టలు మార్చుకోవడానికి రెండు మూడు గంటలు గది తీసుకుని, దర్శనం కాగానే తిరుపతికి మళ్లిపోతారు. నగదు పుచ్చుకుని రిజిస్టరుకెక్కించకుండా వదిలేయడానికి ఇటువంటి గదులే ఎక్కువ అనువైనవి. దీన్ని పట్టిచ్చేది లాండ్రీ పద్దు. గదికి ఒక పెద్ద దుప్పటి, రెండు దిండు గలీబులు, రెండు తువ్వాళ్లు మారుస్తారు; బస చేసేవారంతా దాదాపు ఒక్క రాత్రివారే అయిన లాడ్జిలో ఉతుకుడుకు వెళ్లిన దుప్పట్ల సంఖ్య అమ్ముడైన గదుల సంఖ్యకు దగ్గరగా ఉండాలి. రిజిస్టరులో 390 గదులుండి లాండ్రీ పద్దులో 440 దుప్పట్లుంటే, మరకలు పడినవి, అతిథి అడిగి మార్పించుకున్నవి పదో పదిహేనో పోగా, తక్కిన వాటికి జవాబు రావాలి. ఎవరినీ దొంగగా నిలబెట్టకుండా, ఏయే తేదీల్లో తేడా వచ్చిందో మాత్రమే అడగడం మంచి పద్ధతి. తేదీలు తెలిస్తే ఆనాటి డ్యూటీ పట్టికే తక్కింది చెబుతుంది. హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరును సమావేశానికి పిలవవలసిన కారణం ఇదే, చాలా లాడ్జిల్లో పిలవనిదీ ఆమెనే.

నెలలను పోల్చేటప్పుడు పంచాంగాన్ని కూడా దగ్గర పెట్టుకోవాలి. కార్తీకమాసం 2024లో నవంబరు 2న మొదలై దాదాపు ఆ నెలంతా సాగింది. 2025లో అక్టోబరు 22న మొదలై నవంబరు 20తో ముగిసింది. శివక్షేత్రంలోని లాడ్జి ఒక నవంబరును మరో నవంబరుతో యథాతథంగా పోలిస్తే, పది రోజుల యాత్రికుల రద్దీ పక్క నెలకు జరిగిన సంగతి మరచి మేనేజరును నిందించవలసి వస్తుంది.

సమావేశాన్ని నెల తిరిగాక ఐదో తేదీలోపు, గంటకు మించకుండా జరపడం అనుకూలం. అంకెల కాగితం ముందురోజే అందరి చేతికీ వెళితే, కూర్చున్న గంటలో చదవడం ఉండదు, మాట్లాడడమే ఉంటుంది. పై లాడ్జి విషయంలో తేలవలసిన నిర్ణయం ఒక్కటే: శని, ఆదివారాల్లోనూ అమావాస్య నాడూ ఎలాగూ నిండే గదులను ఆన్‌లైన్‌లో తగ్గింపు ధరకు పెట్టకూడదు, ఆ తగ్గింపును మంగళ, బుధ, గురువారాలకే పరిమితం చేయాలి. ఆ ధరలను మార్చవలసింది ఎవరు, ఏ తేదీలోపు అన్నది మినిట్స్ పుస్తకంలో రాసి, మేనేజరు సంతకం తీసుకుని, వచ్చే నెల సమీక్షను ఆ పేజీ నుంచే మొదలుపెట్టాలి.