టిక్ పెట్టి ఉన్న బాక్సు

పోయినేడాది మా తమ్ముడు పర్సనల్ లోన్ తీసుకున్నాడు. అడిగింది 5 లక్షలు, అకౌంట్లో పడిందీ అంతే. లోన్ మొత్తం మాత్రం 5,18,000 అని చూపిస్తోంది. "ప్రాసెసింగ్ ఫీజేమో అన్నా" అన్నాడు. కాదు. ఆ 18,000 గ్రూప్ క్రెడిట్ లైఫ్ పాలసీ ప్రీమియం. అప్పు తీసుకున్న మనిషి మధ్యలో పోతే, మిగిలిన బాకీ ఇన్సూరెన్స్ కంపెనీ కడుతుందన్నమాట.

దీన్ని జేబులోంచి కట్టమంటే ఎవరైనా ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తారు. అందుకే అప్పులో కలిపేస్తారు. 12 శాతం వడ్డీ, 60 నెలలు. 5 లక్షలకు ఈఎంఐ 11,122 రావాలి, వాడికి 11,522 వచ్చింది. నెలకు నాలుగొందలు ఎవరి కంటికి ఆనుతుంది? చివరికి ఆ 18,000కి కట్టేది 24,000. పైగా బాకీ తగ్గేకొద్దీ కవర్ కూడా తగ్గుతుంది.

వాడు ఒప్పుకున్నట్టు రికార్డులో ఉంది. యాప్‌లో ఆ బాక్సుకి ముందే టిక్ పెట్టి ఉంది. లోన్‌కీ, పాలసీకీ కలిపి ఒకటే ఓటీపీ. స్క్రీన్లు తయారుచేసే ఉద్యోగం నాది. డిఫాల్ట్‌ని మార్చేవాళ్లు తక్కువని ఆ బాక్సు పెట్టినవాళ్లకీ తెలుసు.

దీన్ని పట్టుకోవడానికి మంచి చోటు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త రిటైల్ టర్మ్ లోన్లన్నిటికీ ఇది ఇవ్వాలి. ఇన్సూరెన్స్ ఖర్చుని విడిగా చూపించాలి, ఏపీఆర్‌లోనూ కలపాలి. వడ్డీ 12 అని చెప్పి ఏపీఆర్ అంతకంటే బాగా ఎక్కువుంటే, ఆ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగాలి.

బ్యాంకుకి ఫోన్ చేస్తే "క్యాన్సిల్ చేయాలంటే లోన్ క్లోజ్ చేయాలి సర్" అన్నారు. పాలసీ సర్టిఫికెట్ మాత్రం వేరేగా చెబుతోంది. పత్రం అందిన రోజు నుంచి 30 రోజుల ఫ్రీ లుక్ గడువుంది, ఆలోగా వద్దనుకోవచ్చు. సర్టిఫికెట్ నంబరు, లోన్ నంబరు రాసి, ఫ్రీ లుక్ కింద రద్దు చేయమని ఇన్సూరెన్స్ కంపెనీకే మెయిల్ పెట్టించాను, కాపీ బ్యాంకుకి. కవర్ నడిచిన కొద్దిరోజుల ఖర్చు, స్టాంపు డ్యూటీ పట్టుకుని మిగతాది లోన్ అకౌంట్‌కి వెనక్కి వేశారు.

అక్కడితో అయిపోలేదు. వచ్చేనెల కూడా ఈఎంఐ 11,522 అనే వచ్చింది. వచ్చిన డబ్బుని అసల్లో జమచేసి, ఈఎంఐ తగ్గించి కొత్త షెడ్యూల్ ఇవ్వమని విడిగా రాస్తేనే మారింది.

30 రోజులు దాటితే సరెండర్ విలువే దిక్కు, అది చాలా తక్కువ. అడక్కుండా అంటగట్టారన్నది మీ వాదనైతే ముందు ఇన్సూరెన్స్ కంపెనీకే ఫిర్యాదు రాయాలి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, ఫీజు లేదు.

ఇంట్లో ఒక్కరి జీతమే ఆధారమైతే కవర్ అవసరమే. మా తమ్ముడు విడిగా టర్మ్ పాలసీ తీసుకున్నాడు. అందులో డబ్బు బ్యాంకుకి కాదు, మా మరదలికి వెళ్తుంది. లోన్ తీరాక కూడా ఆ పాలసీ ఉంటుంది.